జామ్ కోసం ఒక్క పేజీ పిచ్: థీమ్ ఆటలోకి దిగిందా, కథలోనే ఆగిందా?

కొల్లేటి_కొంగ

అందరికీ నమస్కారం. ఇచ్చిన థీమ్ మీద కొద్ది రోజుల్లో ఆట తయారుచేసే గ్లోబల్ గేమ్ జామ్‌కు జనవరిలో వెళ్దామని మా కాలేజీ నుంచి నలుగురం అనుకుంటున్నాం. థీమ్ ప్రకటించాక అక్కడ అందరి ముందూ నిలబడి మన ఆలోచన చెప్పాలి. ఆ సమయానికి చేతిలో ఒక పేజీ ఉంటే బాగుంటుందని, ముందే సాధన మొదలుపెట్టాం. ఇందుకోసం ఒక పాత థీమ్ తీసుకున్నాం. 2017 డిసెంబరులో జరిగిన 40వ లుడమ్ డేర్ ఆన్‌లైన్ జామ్‌లో ఇచ్చినది: "ఎంత ఎక్కువ ఉంటే అంత కష్టం". గడువు 48 గంటలు, ఆటలో ఒకే ఒక్క మెకానిక్, అంటే ఆటగాడు చేసే పని ఒక్కటే ఉండాలని మాకు మేమే షరతు పెట్టుకున్నాం. మేం రాసిన పేజీ సారాంశం ఇది:

"ఆశకు అంతు లేదు. వరి కోతలయ్యాక డెల్టా పొలాల్లో బాతుల మందను మేపుకుంటూ ఊరూరా తిరిగే ఒక కాపరి కథ. అప్పు తీర్చాలని మందను పెంచుకుంటూ పోతాడు. మంద పెరిగే కొద్దీ మేత చాలదు, కుక్కలు వెంటపడతాయి, రైతులు కసురుకుంటారు, మంద రోడ్లు దాటాల్సి వస్తుంది. ఆటగాడు బాతులను కొనవచ్చు, గుడ్లు అమ్మవచ్చు, కుక్కలను తరమవచ్చు, మేత ఎక్కడ ఉందో వెతకవచ్చు. మూడు ఊళ్లు, నాలుగు జాతుల బాతులు, చివర్లో వరద. ఆశ ఎక్కువైతే కష్టాలూ ఎక్కువే అన్నది థీమ్."

చదివిన వాళ్లందరూ "బాగుంది" అంటున్నారు. కానీ ఎవరికీ ఆడాలని అనిపించడం లేదు, ఎలా ఆడాలన్న ప్రశ్న కూడా అడగడం లేదు. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

మణికొండ_మిత్ర

పిచ్ అంటే ముందుగా ఎవరు కొంటారో చెప్పాలి. మీ పేజీలో ధర లేదు, ఏ ఫోన్‌కో ఏ కన్సోల్‌కో లేదు, ఇలాంటి ఆటలు ఇంతకుముందు ఎలా అమ్ముడయ్యాయో లేదు. గత ఏడాది మా పజిల్ ఆటను ఒక ప్రచురణ సంస్థకు పంపితే వాళ్లు మొదట అడిగింది ఎన్ని నెలల పని, ఎంత డబ్బు కావాలి అనే. ఆట గురించి రెండు పేరాలు, లెక్కల గురించి ఒక పట్టిక ఉండాలి. బాతుల ఆటకు ఊరి వాతావరణం బలం కాబట్టి దాన్ని మొదట పెట్టండి.

కొల్లేటి_కొంగ

మిత్ర గారూ, ధన్యవాదాలు. ఇది ప్రచురణ సంస్థ కోసం కాదండి. రెండు రోజుల జామ్‌లో మాతో ఎవరైనా కలిసి పనిచేయాలనుకోవడానికి, మా నలుగురం ఒకే ఆటను ఊహించుకుంటున్నామని నిర్ధారించుకోవడానికి. డబ్బు ప్రసక్తి లేదు.

పాత_జాయ్‌స్టిక్

కొంగ గారూ, మీ పేజీలో చివరి వాక్యాన్ని వేలితో మూసి మిగతాది మళ్లీ చదవండి. ఇప్పుడు ఆ చోట వేరే థీమ్ పెట్టండి. ఉదాహరణకు 2020 ఏప్రిల్‌లో 46వ లుడమ్ డేర్ థీమ్ "బతికించి ఉంచు". "మందను బతికించుకోవడం కోసం కాపరి పడే పాట్లు" అని ఒక్క వాక్యం మార్చితే సరిపోయింది కదా. ఆటలో వీసమెత్తు మార్పు అవసరం రాలేదు. అంటే మీ థీమ్ కాపరి మనసులో ఉంది, ఆటగాడి వేళ్ల కింద లేదు.

2013 డిసెంబరులో 28వ లుడమ్ డేర్ థీమ్ "నీకు ఒక్కటే దొరుకుతుంది". ఆ జామ్‌లో పుట్టి, తర్వాత 2015లో పూర్తి ఆటగా విడుదలైన 'టైటన్ సోల్స్' గురించి విని ఉంటారు. అందులో మీ దగ్గర ఒక్కటే బాణం. వదిలితే చేయి ఖాళీ, బటన్ నొక్కి పట్టుకుంటే బాణం వెనక్కి వస్తుంది, కానీ అంతసేపూ మీరు కదలలేరు. ఇక్కడ థీమ్ మార్చి చూడండి. ఆ ఒక్క బాణం స్థానంలో పది బాణాలు పెడితే ఆట కూలిపోతుంది. నేను పిచ్‌లో వెతికేది ఈ అతుకునే. థీమ్‌ను లాగేస్తే ఆట మిగలకూడదు.

ఇప్పుడు మీ పేజీలో ఆటగాడు చేసే పనులు చూద్దాం. కొనడం, అమ్మడం, తరమడం, వెతకడం. ఇవి నాలుగు ఆటలు. మీరు పెట్టుకున్న షరతు ఒక్క మెకానిక్. వీటిలో ఏది ఉంచాలి అని అడగకండి. మంద పెరిగితే, మీరు కొత్తగా ఏమీ చేర్చకుండానే, దానంతట అదే కష్టమయ్యే పని ఏది అని అడగండి. మేత అయితే ఒక అంకె తగ్గడమే, ఆటగాడు ఒక గీత కుంచించుకుపోవడాన్ని చూస్తుంటాడు. కుక్కలు ఎక్కువ కావడం అంటే మీరు కూర్చుని కుక్కలను పెంచడం, అది ఏ ఆటలోనైనా చేయవచ్చు. రైతులు కసురుకోవడం కథ. ఇక మిగిలింది రోడ్డు. దాని గురించి మీరు మూడు మాటలే రాశారు. నాకు అక్కడే ఆట కనిపిస్తోంది.

బిట్‌మ్యాప్_బుజ్జి

నేను బొమ్మలు వేసేదాన్ని కాబట్టి నా వైపు నుంచి చెబుతాను. లుడమ్ డేర్‌లో ఆటలకు మార్కులు వేసేటప్పుడు థీమ్‌కు విడిగా ఒక విభాగం ఉంటుంది. ఆడేవాళ్లు ఒక్కో ఆట మీద కొద్ది నిమిషాలే వెచ్చిస్తారు. చూడగానే థీమ్ కనబడాలి. అందుకని పేజీలో సగం బొమ్మకే ఇవ్వండి. కాపరి నడుము వంగిపోయి, చుట్టూ బాతులు కిక్కిరిసి, వెనుక ముసురుపట్టిన ఆకాశం. బాతు చేరిన కొద్దీ కాపరి ముఖం పీక్కుపోవాలి. థీమ్ బొమ్మలో దిగితే చాలు, మెకానిక్ ఏదైనా సరిపోతుంది.

పాత_జాయ్‌స్టిక్

బుజ్జి గారి మాటలో మొదటి సగం నేనూ ఒప్పుకుంటాను. బొమ్మ లేని పిచ్ పేజీ గట్టిగా చదివి వినిపించడానికే పనికొస్తుంది, గదిలో వెనుక వరుసలో కూర్చున్న వాళ్లకు చేరదు. రెండో సగంతో మాత్రం ఏకీభవించలేను. ముఖం పీక్కుపోయిన కాపరి బొమ్మ చూసి ఆటగాడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేరు. పేజీలో వేయాల్సిన బొమ్మ ఆటగాడు నిర్ణయం తీసుకునే క్షణం. కాపరి రోడ్డు అవతలికి చేరిపోయాడు, వరుసలో ఆఖరి అయిదు బాతులు ఇంకా తారు మీదే ఉన్నాయి, ఎడమ అంచున లారీ ముందు చక్రం కనిపిస్తోంది. పెన్సిలుతో పుల్లల బొమ్మలు వేసినా ఇది చూసిన మనిషి "అయ్యో, ఇప్పుడెలా?" అంటాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే పిచ్ పనిచేసినట్టు.

బిట్‌మ్యాప్_బుజ్జి

ఆ బొమ్మ నాకూ నచ్చింది. పై నుంచి చూసినట్టు వేస్తే రోడ్డు అడ్డంగా, మంద నిలువుగా వస్తుంది, రెండు గీతలు ఖండించుకుంటాయి. రంగులు కూడా రెండు చాలు. అయినా కాపరి ముఖం గురించి నేను అన్నది వదులుకోను. ఆటలో మనసుకు పట్టేది అదే.

కొల్లేటి_కొంగ

జాయ్‌స్టిక్ గారూ, రాత్రి నలుగురం కూర్చుని రోడ్డును పట్టుకున్నాం. ఇప్పుడు ఇలా అనుకుంటున్నాం. కాపరి నడిస్తే బాతులు ఒకదాని వెనుక ఒకటి అతను నడిచిన దారిలోనే వస్తాయి. పొలంలో ఉన్న బాతును తాకితే వరుస చివర చేరుతుంది. రోడ్డు దాటించి అవతలి దొడ్డికి చేర్చాలి. కొనడం, అమ్మడం, కుక్కలు, ఊళ్లు అన్నీ తీసేశాం.

అయితే మా జట్టులోనే ఒకరు "ఇది పాత నోకియా ఫోన్లలోని పాము ఆటే కదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో సందేహం, నలుగురిలో కోడ్ రాసేది నేనొక్కర్తినే. ముప్ఫై బాతులు దారి వెతుక్కుంటూ రావడం 48 గంటల్లో నావల్ల అవుతుందా?

లూప్_లక్ష్మి

బాతులు దారి వెతుక్కోనక్కర్లేదమ్మా. కాపరి నడిచిన చోట్లను ఒక జాబితాలో దాచుకుంటూ పోవాలి, ఒక్కో బాతును ఆ జాబితాలో కొంత వెనుక ఉన్న చోట నిలబెట్టాలి. గొడో గేమ్ ఇంజన్‌లో ఇంతే:

```
func _physics_process(_delta):
    # కాపరి కదలిక ఇక్కడ
    if velocity.length() > 0:
        trail.push_front(position)
    for i in ducks.size():
        var k = min((i + 1) * 8, trail.size() - 1)
        ducks[i].position = trail[k]
```

`trail`లో మొదటే కాపరి ఉన్న చోటును ఒకదాన్ని వేసి ఉంచండి, లేకపోతే ఖాళీ జాబితా దగ్గర ఆట ఆగిపోతుంది. ఆఖరి బాతుకు అవసరమైన దానికంటే పొడవైతే తోకను కత్తిరించండి.

ఇప్పుడు దీన్ని కొంచెం దగ్గరగా చూడండి, ఎందుకంటే మీ పాము ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. గొడోలో ఆ ఫంక్షన్ మామూలుగా సెకనుకు 60 సార్లు నడుస్తుంది. కాపరి వేగం సెకనుకు 120 పిక్సెళ్లు అనుకుంటే ఒక్కో సారికి 2 పిక్సెళ్లు, 8 సార్లకు 16. అంటే బాతుకూ బాతుకూ మధ్య 16 పిక్సెళ్లు. రోడ్డు వెడల్పు 64 అనుకుందాం. కాపరి ఒక్కడే అయితే అర సెకనులో దాటేస్తాడు. పది బాతులుంటే వరుస పొడవు 160, రోడ్డుతో కలిపి 224, ఆఖరి బాతు అవతల పడేసరికి సుమారు 1.9 సెకన్లు. ఇరవై అయితే 3.2. ముప్ఫై అయితే 4.5. లారీ వేగం పెంచలేదు, లారీల సంఖ్య పెంచలేదు. బాతులు పెరిగాయి, కష్టం పెరిగింది.

పాము ఆటలో ప్రమాదం మీ తలకు, అదీ మీ తోక వల్ల. ఇక్కడ మీ తలకు ఏ ప్రమాదమూ లేదు, మీరు ఎప్పుడో దాటేసిన చోట మీ తోకకు ఉంది. ఆ తేడాను పేజీలో ఒక్క వాక్యంగా రాయండి.

ఇంకొక్క విషయం. కోడ్‌లో `if velocity.length() > 0` అనే షరతు చూశారా? అది తీసేస్తే కాపరి ఆగినా జాబితాలో అదే చోటు పదే పదే చేరుతుంది, బాతులన్నీ నడిచి వచ్చి అతని మీద పోగుపడతాయి. అంటే రోడ్డు దాటి నిలబడితే చాలు, తోక దానంతట అదే వచ్చేస్తుంది. ఆ షరతు ఉంచితే కాపరి ఆగిన క్షణంలో మంద మొత్తం ఎక్కడిదక్కడ ఆగుతుంది, తోక రోడ్డు మీదే నిలిచిపోతుంది. కాబట్టి దాటిన తర్వాత కూడా నడుస్తూనే ఉండాలి, అవతల నడవడానికి చోటు ఉండాలి. 640 × 360 స్క్రీన్‌లో ముప్ఫై బాతుల వరుస 480 పిక్సెళ్లు, నిలువుగా పట్టనే పట్టదు. అవతల గట్టు మీద మెలికలు తిరగాలి. ఒక్క షరతు తేడాతో రెండు వేర్వేరు ఆటలు. మీకు ఏది కావాలో పేజీలో ముందే తేల్చాలి, కోడ్ రాసేటప్పుడు కాదు.

పాత_జాయ్‌స్టిక్

లక్ష్మి గారు చెప్పిన రెండో ఆట ఎంచుకోండి. "ఆగితే మంద ఆగుతుంది" అన్న ఒక్క నియమం ఆటగాడిని దాటకముందే ఆలోచింపజేస్తుంది. అవతల చోటు ఉందా అని చూసుకుని దాటాలి.

కానీ పేజీలో ఒక పెద్ద ఖాళీ ఇంకా ఉంది. ఎక్కువైతే ఎందుకు కష్టమో తేలింది. మరి ఆటగాడికి ఎక్కువ ఎందుకు కావాలి? నాకైతే రెండేసి బాతులను తీసుకుని పదిసార్లు హాయిగా దాటించాలనిపిస్తుంది. అలా ఆడినవాడికి మీ థీమ్ ఎదురుపడనే పడదు. ఈ థీమ్ మీద వచ్చే ఆలోచనల్లో సగం ఇక్కడే నీరుగారిపోతాయి. దొంగ మూట బరువెక్కితే నెమ్మదిగా నడుస్తాడు అంటారు. మూట దించేసి మళ్లీ వస్తే ఏమవుతుందో చెప్పరు. ఆటగాడిని ఒకవైపు లాగేది, రెండోవైపు తోసేది, రెండూ ఒకే వస్తువు నుంచి పుట్టాలి. మీ దగ్గర తోసేది ఉంది. లాగేది రాయండి.

శబ్దభేది

సమయం పెట్టండి. సూర్యాస్తమయం లోపు అన్నీ చేర్చాలి అంటే చాలు కదా?

పాత_జాయ్‌స్టిక్

సమయం ఒక్కటే చాలదని నా ఉద్దేశం. గడియారం ఆటగాడిని తొందరపెడుతుంది కానీ పెద్ద వరుసను కోరుకునేలా చేయదు, చురుకైనవాడు రెండేసి బాతులతోనే పరుగులు తీస్తాడు. మంద పెరిగే కొద్దీ బహుమతి ఇంకా వేగంగా పెరగాలి. ఒకేసారి దొడ్డికి చేర్చిన బాతుల సంఖ్యను అదే సంఖ్యతో గుణించి మార్కులివ్వండి. అయిదు చేరిస్తే 25, పది చేరిస్తే 100. అయిదేసి చొప్పున రెండుసార్లు అయితే 50 మాత్రమే. ఇప్పుడు పదకొండో బాతు కనబడితే ఆటగాడి చేయి అటు పోతుంది. దానికి గడియారం కూడా ఉంటే మంచిదే.

కొల్లేటి_కొంగ

గుణకారం మాకు చాలా నచ్చింది. లారీ తగిలితే ఏమవ్వాలన్న దాని మీద మాలో వాదన నడిచింది. బాతులు చనిపోవడం మాకెవరికీ ఇష్టం లేదు. అందుకని లారీ దగ్గరకు రాగానే ఆ బాతు బెదిరి పొలంలోకి వెనక్కి పరుగెత్తుతుంది, దాని వెనుక ఉన్నవన్నీ దానితో పాటే పోతాయి. వరుస మధ్యలో తెగితే సగం మంద పోయినట్టు. ఇది సరేనా?

లూప్_లక్ష్మి

సరే కాదు, చాలా బాగుంది. కొత్త బొమ్మ అవసరం లేదు, కొత్త నియమమూ లేదు. `ducks` జాబితాను ఆ స్థానం దగ్గర తెంచి, తెగిన వాటిని పొలంలోకి పంపడమే.

ఒక్క జాగ్రత్త. లారీ వేగం సెకనుకు 320 పిక్సెళ్లు అనుకుంటే, స్క్రీన్ అంచున కనబడిన ఒక్క సెకనుకు మధ్యకు వచ్చేస్తుంది. ఇరవై బాతులు దాటడానికి 3.2 సెకన్లు కావాలని లెక్క వేశాం. అంటే ఆటగాడు రోడ్డు ఖాళీగా ఉందని చూసుకునే దిగుతాడు, సగం దాటాక లారీ వస్తుంది. అతని తప్పేమీ లేదు. నాలుగుసార్లు అలా జరిగితే ఆట మూసేస్తాడు. ఇది పేజీ మీద కనబడదు, ఆడినప్పుడే తెలుస్తుంది. అందుకే నా సలహా, ముందు రెండు గంటలు బొమ్మల బదులు చతురస్రాలతో ఆడి చూసి, తర్వాత పేజీ రాయండి.

శబ్దభేది

దీనికి నా దగ్గర మందుంది. హారన్. లారీ స్క్రీన్‌లోకి రావడానికి రెండు సెకన్ల ముందు, అది వచ్చే వైపు నుంచి హారన్ వినిపించాలి. ఎడమ నుంచి వస్తే ఎడమ స్పీకర్‌లో. కనబడ్డాక ఒక సెకను, వినబడ్డాక మూడు సెకన్లు. పదిహేను బాతుల వరకూ వింటూ దాటవచ్చు, ఇరవై దగ్గర గుండె చిక్కబట్టుకోవాలి. ధ్వని అలంకారం కాకుండా మెకానిక్‌లో భాగమవుతుంది. ఈ ముక్క పేజీలో ఉంటే జామ్ జరిగే చోట ఉన్న ధ్వని మనుషులు మీ జట్టు వైపు వస్తారు, నేనైతే వస్తాను.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక జామ్‌లో మా పేజీలో చేయబోయేవన్నీ ఉన్నాయి, చేయకూడనివి ఒక్కటీ లేవు. మాలో ఒకాయనకు దుకాణాల తెరలు చేయడమంటే మహా సరదా. ఆటలో దుకాణం లేదని ఎవరూ రాయలేదు కాబట్టి శనివారం రాత్రంతా కూర్చుని అందమైన దుకాణం తయారుచేశాడు. ఆదివారం పొద్దున అందులో కొనడానికి వస్తువులు లేవు, ఆటలో డబ్బే లేదు. ఆయన శ్రమ తీసేయడానికి మాకు మనసొప్పలేదు, దుకాణానికి తగ్గట్టు ఆటను వంచాం. అందుకే పేజీ చివర "ఇవి చేయం" అని ఒక వరుస రాయండి. ఎవరినీ నొప్పించకుండా, పని మొదలవకముందే.

మణికొండ_మిత్ర

నేను మొదట వేరే పిచ్ గురించి మాట్లాడాను, సరే. ఈ చర్చ చదువుతుంటే ఒకటి అడగాలనిపించింది. పేజీలో ఆ పిక్సెళ్లు, సెకన్లు రాయాలా? జామ్‌లో వినేవాళ్లకు ఇవన్నీ ఎందుకు?

పాత_జాయ్‌స్టిక్

మంచి ప్రశ్న. పిక్సెళ్లు వద్దు. సెకన్లు ఒక్కసారి రాయాలి, ఎందుకంటే ఇక్కడ సెకన్లే థీమ్. "కాపరికి అర సెకను, ఇరవై బాతులకు మూడు సెకన్లు" అంటే వినేవాడికి ఆట మొత్తం అర్థమవుతుంది. ఏ అంకె తీసేస్తే వాక్యం చప్పబడిపోతుందో ఆ అంకె ఉంచండి.

ముందు ఆడి చూసి తర్వాత రాయమన్న లక్ష్మి గారి సలహా దగ్గర మాత్రం నాది వేరే దారి. జామ్‌లో థీమ్ వచ్చిన గంటకో రెండు గంటలకో జట్లు ఏర్పడతాయి. అప్పటికి నడిచే నమూనా ఉండదు. రాయడం వల్లే "ఎక్కువ ఎందుకు కావాలి" అన్న ఖాళీ కనబడింది కదా, చతురస్రాలతో ఆడుతూ కూర్చుంటే అది సాయంత్రానికి గానీ కనబడేది కాదు.

లూప్_లక్ష్మి

జట్టు దొరకాల్సిన వాళ్లకు మీ మాట సరే. కొంగ వాళ్లు నలుగురూ ముందే కలిసి వెళ్తున్నారు, వాళ్లకు తొందరేమిటి? ఆగితే మంద ఆగాలా, పోగుపడాలా అన్నది కాగితం మీద ఎవరు చెప్పగలరు? నేను కోడ్ చూశాను కాబట్టి చెప్పగలిగాను. కనీసం మెకానిక్ వాక్యం రాసే ముందు వేలితో బల్ల మీద అయినా ఆడి చూడాలి, చింతగింజలను వరుసగా జరుపుతూ.

పాత_జాయ్‌స్టిక్

చింతగింజలకు నేను సరే. రెండు గంటల కోడ్‌కు కాదు.

కొల్లేటి_కొంగ

మళ్లీ రాశాం. పూర్తిగా ఇక్కడ పెడుతున్నాను. పై సగంలో బుజ్జి గారు చెప్పినట్టు పై నుంచి చూసిన బొమ్మ: అవతల కాపరి, రోడ్డు మీద ఆఖరి అయిదు బాతులు, అంచున లారీ. కింద సగం ఇది:

"ఆఖరి బాతు

మీరు రోడ్డు దాటేశారు, మీ మంద ఇంకా దాటుతోంది. మంద ఎంత పొడవైతే, మీరు వదిలివచ్చిన ప్రమాదంలో అది అంత ఎక్కువ సేపు ఉంటుంది.

ఆటగాడు చేసేది ఒక్కటే, నడవడం. పొలంలోని బాతును తాకితే అది వరుస చివర చేరి, మీరు నడిచిన దారినే నడుస్తుంది. మీరు ఆగితే మంద ఎక్కడిదక్కడ ఆగుతుంది. కాపరికి రోడ్డు దాటడం అర సెకను పని, ఇరవై బాతుల మందకు మూడు సెకన్లు. లారీ రాకముందు హారన్ వినిపిస్తుంది. లారీ దగ్గరకు వస్తే ఆ బాతు, దాని వెనుకవన్నీ బెదిరి పొలంలోకి పారిపోతాయి.

ఒకేసారి దొడ్డికి చేర్చిన బాతుల సంఖ్యను దానితోనే గుణిస్తే మీ మార్కులు. అయిదుకు 25, పదికి 100. చీకటి పడేలోపు, అంటే రెండు నిమిషాల్లో ఎన్ని మార్కులైతే అన్ని.

మొదటి పది సెకన్లు: పక్కనే మూడు బాతులు, రోడ్డు ఖాళీ, ఎవరైనా దాటగలరు, 9 మార్కులు. వెనక్కి తిరిగి చూస్తే పొలంలో పాతిక బాతులు.

మొదటి నాలుగు గంటల్లో: చతురస్రాలతో కాపరి, వరుస, ఒక లారీ. ఇరవై చతురస్రాలు దాటించేటప్పుడు మాలో ఎవరూ ఊపిరి బిగబట్టకపోతే ఈ ఆలోచన వదిలేస్తాం.

ఇవి చేయం: దుకాణం, కుక్కలు, బాతుల జాతులు, రెండో తెర, సంభాషణలు."

బిట్‌మ్యాప్_బుజ్జి

"వెనక్కి తిరిగి చూస్తే పొలంలో పాతిక బాతులు" దగ్గర నాకు ఆడాలనిపించింది. కాపరి ముఖం పోయింది, అయినా సరే. బొమ్మలో తోక ఉన్న చోటే ముదురు రంగు వాడండి, చూపు తల మీదకు కాకుండా తోక మీదకు పోవాలి.

పాత_జాయ్‌స్టిక్

వదిలేస్తామని పేజీలోనే రాయడం నాకు అన్నిటికంటే నచ్చింది. నాలుగు గంటల తర్వాత ఏ ప్రశ్న వేసుకోవాలో నలుగురికీ ముందే తెలుసు. మొదటి పేజీకి పెట్టిన పరీక్షే దీనికీ పెట్టాను. "బతికించి ఉంచు" థీమ్ కింద ఈ పేజీ నిలబడాలంటే గుణకారం తీసేయాలి, హారన్ మార్చాలి, మొదటి వాక్యం తిరగరాయాలి. అంటే అతుకు గట్టిపడింది.

ఒక సందేహం మిగిలింది. ఆటగాడు ముప్ఫై బాతులు పోగేశాక మనసు మార్చుకుంటే తోకను వదిలించుకునే మార్గం ఉందా? ఈల వేస్తే చివరి అయిదు విడిపోవడం లాంటిది. ఉంటే నిర్ణయం ఇంకా పదునెక్కుతుంది. కానీ అది రెండో మెకానిక్ అవుతుందేమో.

లూప్_లక్ష్మి

అవుతుంది. ఇంకో బటన్ వచ్చిందంటే మీ షరతు పోయినట్టే. పైగా వదిలించుకోగలిగితే ఎక్కువ పోగేయడానికి భయమే ఉండదు.

శబ్దభేది

నాకు ఈల కావాలి. ధ్వని కోసం కాదు, మనసు మార్చుకునే వీలు లేని ఆటలో మూడో ప్రయత్నానికే నేను విసిగిపోతాను.

కొల్లేటి_కొంగ

మా జట్టులో కూడా ఇదే వాదన, ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. ప్రస్తుతానికి ఈలను "ఇవి చేయం" వరుసలోకి చేర్చకుండా, పేజీలోకి తీసుకోకుండా పక్కన పెట్టాం. శనివారం చతురస్రాలతో రెండు రకాలుగానూ ఆడి చూస్తాం. లక్ష్మి గారూ, కొత్త బాతు వరుసలో చేరినప్పుడు అది ఉన్న చోటి నుంచి ఒక్కసారిగా తోక చివరకు ఎగిరినట్టు కనిపిస్తోంది. దాన్ని ఎలా సరిచేయాలి?

లూప్_లక్ష్మి

దాని స్థానాన్ని నేరుగా మార్చకుండా, ప్రతిసారీ లక్ష్యం వైపు కొంత దూరం జరపండి. `ducks[i].position = ducks[i].position.lerp(trail[k], 0.2)` అని రాస్తే పరుగెత్తుకుంటూ వచ్చి చేరినట్టు ఉంటుంది. కాకపోతే చేరిన బాతులన్నీ కూడా ఒక పిసరు వెనుకబడి నడుస్తాయి, మలుపుల్లో గట్టు అంచును కోస్తూ పోతాయి. అది నచ్చకపోతే కొత్తగా చేరిన బాతుకు మాత్రమే అర సెకను పాటు ఇలా పెట్టి, తర్వాత మామూలు లెక్కలోకి మార్చేయండి.